బైక్ లోన్ ఈఎంఐలన్నీ కట్టినా ఓవర్‌డ్యూ ఎందుకు చూపిస్తోంది? కట్టిన డబ్బు ఎక్కడ పడిందో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: ఒక ఫైనాన్స్ కంపెనీలో బైక్ లోన్ ఉంది. ఈఎంఐ 4,860. ప్రతి నెలా 5న బ్యాంకు నుంచి ఆటోమేటిగ్గా కట్ అవుతుంది. ఆగస్టు 5న జీతం లేటై బౌన్స్ అయ్యింది, 7న యూపీఐ యాప్‌లో 4,860 కట్టేశాను. సెప్టెంబర్‌ది కట్ అయ్యింది. మళ్లీ బౌన్స్ కాకూడదని అక్టోబర్‌ది 3వ తేదీనే వాళ్ల యాప్‌లో అడ్వాన్స్ ఈఎంఐ కింద కట్టాను. నవంబర్ 5న కూడా కట్ అయ్యింది. ఈరోజు 15. యాప్‌లో ఓవర్‌డ్యూ 6,040, లేట్ ఛార్జీలు 180 అని చూపిస్తోంది. కలెక్షన్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. నాలుగు స్క్రీన్‌షాట్లు పంపినా "సిస్టంలో పెండింగ్ ఉంది సార్" అంటున్నారు. ఏం చేయాలి?

సమాధానం:

ముందుగా, ఆ 6,040 మళ్లీ కట్టకండి. అలాగని మీ బాకీ సున్నా కూడా కాదు. మీరు ఇచ్చిన అంకెలను బట్టి చూస్తే మీరు నిజంగా కట్టాల్సింది 634 రూపాయలు. మిగతాది కంపెనీ తన లెక్కల్లో సరిచేయాల్సింది.

6,040లోంచి ఒక ఈఎంఐ 4,860 తీసేస్తే 1,180 మిగులుతుంది. అది రెండు 590లు. బౌన్స్ ఛార్జీ 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90 కలిపితే 590. అంటే వాళ్ల లెక్కలో మీకు రెండు బౌన్సులు ఉన్నాయి. మీరు చెప్పింది ఆగస్టు బౌన్స్ ఒక్కటే. రెండోది దాదాపు ఖాయంగా అక్టోబర్ 5ది. 3న మీరు డబ్బు కట్టినా, ఆటో డెబిట్ ఫైలు అప్పటికే బ్యాంకు దారి పట్టి ఉంటుంది. గడువు తేదీకి ఒకటి నుంచి మూడు పనిదినాల ముందే కంపెనీలు ఆ ఫైలు సిద్ధం చేసేస్తాయి. 3న కట్టేయడంతో మీ అకౌంట్లో బ్యాలెన్స్ తగ్గింది, 5న డెబిట్ వచ్చింది, తిరిగిపోయింది. 3న కట్టిన 4,860 మాత్రం అడ్వాన్స్ పద్దులో అలాగే కూర్చుని ఉంది, అక్టోబర్ ఈఎంఐకి జమ పడలేదు. కలెక్షన్ అతనికి కనిపించే స్క్రీన్‌లో బాకీ వైపు మాత్రమే ఉంటుంది, ఈ అడ్వాన్స్ పద్దు ఉండదు. అతను అబద్ధం చెప్పడం లేదు, సగం లెక్కే చూస్తున్నాడు.

ఇదంతా ఇంకా ఊహే. రుజువు చేసుకోవడానికి రెండు కాగితాలు కావాలి.

మొదటిది బ్యాంకు స్టేట్‌మెంట్. ఆగస్టు 1 నుంచి ఈరోజు వరకు, నెట్ బ్యాంకింగ్ నుంచి దింపిన పీడీఎఫ్ తీసుకోండి. యూపీఐ యాప్‌లో ఆకుపచ్చ టిక్కు ఉన్న స్క్రీన్‌షాట్ దీనికి సరిపోదు. ఆ టిక్కు ఆ క్షణానిది. తర్వాత డబ్బు వెనక్కి వచ్చినా స్క్రీన్‌షాట్ మారదు, స్టేట్‌మెంట్లో మాత్రం రిటర్న్ లైను కనిపిస్తుంది. అందుకే ప్రతి పేమెంట్ తర్వాత కనీసం పది రోజుల లైన్లు చూసి, అదే మొత్తం తిరిగి జమ కాలేదని నిర్ధారించుకోండి. ఆటో డెబిట్ లైన్లు సాధారణంగా `ACH D-` లేదా `NACH` అని మొదలై, పక్కన కంపెనీ పేరు ఉంటుంది. బౌన్స్ అయిన రోజు చాలా బ్యాంకుల స్టేట్‌మెంట్లో 4,860 లైనే ఉండదు, రిటర్న్ ఛార్జీ అని చిన్న మొత్తం మాత్రం కట్ అయి ఉంటుంది. అక్టోబర్ 5 తర్వాత రెండు మూడు రోజుల్లో అలాంటి లైను కోసం వెతకండి. అది దొరికితే రెండో బౌన్స్ సంగతి తేలిపోయినట్టే.

రెండోది కంపెనీ ఇచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్. కస్టమర్ కేర్‌ను అడిగితే చాలాసార్లు రీపేమెంట్ షెడ్యూల్ పంపి చేతులు దులుపుకుంటారు. షెడ్యూల్ అంటే ఏ నెల ఎంత కట్టాలన్న పట్టిక మాత్రమే. మీరు ఏం కట్టారో అందులో ఉండదు. "లోన్ ఇచ్చిన రోజు నుంచి నేటి వరకు స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్, ఛార్జీలు, అడ్వాన్స్ పద్దు వివరాలతో సహా" అని మెయిల్‌లో రాసి అడగండి. వచ్చాక లైన్లు చదవడం కన్నా ముందు పై భాగం, కింది భాగం చూడండి. `Excess Amount`, `Unadjusted Amount`, `Advance` లాంటి పేరుతో ఒక అంకె ఉంటుంది. అక్కడ 4,860 కనిపిస్తే సగం పని అయిపోయింది.

ఇక జతపరచడం. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మీ నాలుగు పేమెంట్లూ 4,860లే. కంపెనీ స్టేట్‌మెంట్లో కూడా 4,860 అనే జమలు వరసగా కనిపిస్తాయి. మొత్తాన్ని చూసి టిక్కు పెట్టుకుంటూ పోతే లెక్క తప్పుతుంది. ఎందుకంటే ఆగస్టు 5న కంపెనీ పుస్తకాల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: ఆటో డెబిట్ ఫైలు పంపగానే 4,860 జమ అని ఒక లైను పడుతుంది. ఒకటి రెండు రోజులకు బ్యాంకు రిటర్న్ చెప్పగానే అదే 4,860 ఖర్చు వైపు రివర్సల్ అని ఇంకో లైను పడుతుంది. మీరు ఆ మొదటి లైను చూసి "ఇదిగో నా ఆగస్టు పేమెంట్ వాళ్ల దగ్గరే ఉంది" అనుకుంటే, అసలు 7న కట్టిన పేమెంట్ ఎక్కడుందో వెతకడం మానేస్తారు. కాబట్టి జమ, రివర్సల్ జంటలను ముందే రెండూ కలిపి కొట్టేయండి. మిగిలిన జమలను రిఫరెన్స్ నంబరుతో మాత్రమే జతపరచండి.

ఏ దారిలో కట్టారో దాన్నిబట్టి ఆ నంబరు మారుతుంది. యూపీఐ లావాదేవీకి బ్యాంకు స్టేట్‌మెంట్లో 12 అంకెల నంబరు ఉంటుంది. కానీ ఆగస్టు 7న మీరు యూపీఐ యాప్‌లోని లోన్ రీపేమెంట్ సెక్షన్ నుంచి కట్టి ఉంటే, ఆ డబ్బు భారత్ కనెక్ట్ ద్వారా వెళ్లింది. పాత పేరు బీబీపీఎస్. అలా వెళ్లినప్పుడు కంపెనీ అకౌంట్లోకి మీ 4,860 విడిగా చేరదు, చాలామంది డబ్బు కలిపి ఒకే మొత్తంగా సెటిల్ అవుతుంది. ఎవరిది ఎంతో విడిగా వచ్చే ఫైలులో భారత్ కనెక్ట్ ట్రాన్సాక్షన్ ఐడీతో ఉంటుంది. మీరు 12 అంకెల యూపీఐ నంబరు మాత్రమే ఇస్తే, వాళ్ల అకౌంట్స్ వాళ్లకు అది ఎక్కడా దొరకక "మాకు అందలేదు" అంటారు. యాప్‌లో ఆ పేమెంట్ రసీదు తెరిస్తే రెండు నంబర్లూ ఉంటాయి, రెండూ ఇవ్వండి. ఆ రసీదులోనే ఏ లోన్ నంబరుకు కట్టారో కూడా ఉంటుంది. అదే కంపెనీలో ఫోన్ లోనో టీవీ లోనో కూడా ఉన్నవాళ్లు ఆ నంబరు చివరి నాలుగు అంకెలు తప్పకుండా సరిచూడాలి. యాప్‌లో సేవ్ అయి ఉన్న పాత లోన్‌కు డబ్బు వెళ్లిపోవడం చాలా మామూలు సంగతి.

అక్టోబర్ 3న కంపెనీ సొంత యాప్‌లో కట్టారు కాబట్టి అది పేమెంట్ గేట్‌వే ద్వారా వెళ్లి ఉంటుంది. అక్కడ యూపీఐ నంబరుతో పాటు కంపెనీ రసీదు నంబరు ఉంటుంది, అదే వాళ్లకు పనికొచ్చేది. సెప్టెంబర్, నవంబర్ ఆటో డెబిట్లకు తేదీ, మొత్తం, లైన్లో ఉన్న రిఫరెన్స్ సరిపోతాయి.

మీ అంకెలతో కంపెనీ లెక్క ఎలా నడిచి ఉంటుందో చూడండి. వచ్చిన డబ్బును ముందు ఛార్జీలకు, తర్వాత పాత ఈఎంఐకి, ఆ తర్వాతే కొత్త ఈఎంఐకి జమ చేయడం చాలా ఒప్పందాల్లో ఉండే వరస. కొన్ని కంపెనీలు ఈఎంఐకే ముందు జమ చేస్తాయి. మీ అగ్రిమెంట్లో పేమెంట్ల సర్దుబాటు గురించి ఒక క్లాజు ఉంటుంది, ఒకసారి చదవండి. ఛార్జీలు ముందు అనుకుంటే:

| తేదీ | వచ్చినది | ఎక్కడ పడింది | ఆ రోజుకు మిగిలిన బాకీ |
|---|---|---|---|
| ఆగస్టు 5 | బౌన్స్ | ఛార్జీ 590 పడింది | 5,450 |
| ఆగస్టు 7 | 4,860 | ఛార్జీకి 590, ఆగస్టు ఈఎంఐకి 4,270 | 590 |
| సెప్టెంబర్ 5 | 4,860 | ఆగస్టుకు 590, సెప్టెంబర్‌కు 4,270 | 590 |
| అక్టోబర్ 3 | 4,860 | అడ్వాన్స్ పద్దులో ఆగిపోయింది | 590 |
| అక్టోబర్ 5 | బౌన్స్ | అక్టోబర్ ఈఎంఐ 4,860, ఛార్జీ 590 కలిశాయి | 6,040 |
| నవంబర్ 5 | 4,860 | ఛార్జీకి 590, సెప్టెంబర్‌కు 590, అక్టోబర్‌కు 3,680 | 6,040 |

నవంబర్‌లో 4,860 వచ్చినా బాకీ తగ్గలేదు, ఎందుకంటే అదే రోజు నవంబర్ ఈఎంఐ కూడా బాకీలో చేరింది. మీరు ప్రతి నెలా డబ్బు పంపుతున్నారు, అది ప్రతిసారీ పాత గుంతనే పూడుస్తోంది.

ఈ పట్టిక సరైనదే అనడానికి లేట్ ఛార్జీల అంకె ఇంకో సాక్ష్యం. ఏడాదికి 24 శాతం చొప్పున, గడువు దాటిన ఈఎంఐ భాగం మీద రోజుల లెక్క కట్టి చూడండి. బౌన్స్ ఛార్జీ మీద కాదు, ఈఎంఐ మీదే.

```
4860 × 24% × 2  ÷ 365 =   6.39
590  × 24% × 59 ÷ 365 =  22.89
5450 × 24% × 31 ÷ 365 = 111.09
6040 × 24% × 10 ÷ 365 =  39.72
                        ------
                        180.09
```

యాప్‌లో ఉన్న 180 ఇదే. మూడో లైన్లోని 5,450 అంటే సెప్టెంబర్‌లో తగ్గిన 590, అక్టోబర్ ఈఎంఐ 4,860. చివరి లైన్లోది అక్టోబర్‌లో తగ్గిన 1,180, నవంబర్‌ది 4,860. మీ అగ్రిమెంట్లో, లోన్ తీసుకునేటప్పుడు ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్లో ఆ 24 శాతం ఉందో లేదో చూసుకోండి. వేరే రేటు రాసి ఉంటే అది కూడా అడగాల్సిన విషయమే. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం లేట్ అయినందుకు వేసేది ఛార్జీగానే ఉండాలి, వడ్డీ రేటుకు కలపకూడదు, దాన్ని అసలుకు చేర్చి మళ్లీ వడ్డీ వేయకూడదు. లేట్ ఛార్జీ మీద జీఎస్టీ కూడా ఉండదని 2025 జనవరిలో స్పష్టత ఇచ్చారు. బౌన్స్ ఛార్జీ వేరు, దాని మీద జీఎస్టీ వేస్తారు.

ఇప్పుడు అక్టోబర్ 3న కట్టిన 4,860ను అదే తేదీతో జమ చేసి, అక్టోబర్ బౌన్స్ ఛార్జీ తీసేసి, అదే లెక్క మళ్లీ నడపండి. ఆగస్టు ఛార్జీ వల్ల వచ్చిన 590 లోటు ఒక్కటే నెలనెలా ముందుకు జరుగుతూ వస్తుంది. లేట్ ఛార్జీ 44 రూపాయలు అవుతుంది. మొత్తం 634. ఒకవేళ రెండో బౌన్స్ ఛార్జీ తీయడానికి కంపెనీ ఒప్పుకోకపోతే 1,228. ఎటు చూసినా 6,220 మాత్రం కాదు.

రూపాయల కన్నా పెద్ద తేడా రోజుల్లో ఉంది. గడువు దాటి ఎన్ని రోజులైందో పాత బాకీ తేదీ నుంచి లెక్కిస్తారు. క్రెడిట్ రిపోర్టులో డీపీడీ అని కనిపించేది అదే. కంపెనీ లెక్క ప్రకారం అక్టోబర్ 31 నాటికి సెప్టెంబర్ లోటు అలాగే ఉంది కాబట్టి డీపీడీ 56 రోజులు. సరిచేస్తే ఆ రోజుకు 26. నవంబర్ 15కి వాళ్ల లెక్కలో 41, సరిచేస్తే 10. బాకీ వరసగా 30 రోజులు దాటితే రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఎస్ఎంఏ-1 అనే ముందస్తు హెచ్చరిక వర్గంలోకి వెళుతుంది, 90 దాటితే మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ. రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు 56 చూసిన బ్యాంకు అడిగే ప్రశ్నలు వేరు, 26 చూసిన బ్యాంకు అడిగేవి వేరు. కాబట్టి మీ ఫిర్యాదులో డబ్బు సర్దుబాటుతో ఆగకండి, అది ఏ తేదీ నుంచి లెక్కలోకి రావాలో, అంటే వాల్యూ డేట్ కూడా అడగండి. ఈరోజు తేదీతో 4,860 జమ చేస్తే ఓవర్‌డ్యూ తగ్గుతుంది, 56 మాత్రం రిపోర్టులో మిగిలిపోతుంది. కంపెనీలు ఎక్కువగా చేసేది ఈ సగం పనే.

దేనికి పట్టుబట్టాలి, దేన్ని వదలాలి అన్నది కూడా ముఖ్యం. ఆగస్టు 590 మీ బాకీయే. ఆ రోజు బ్యాలెన్స్ లేదు. ఆటో డెబిట్లు చాలావరకు పొద్దున్నే వస్తాయి, మధ్యాహ్నం జీతం పడినా లాభం ఉండదు. ముందు రోజు రాత్రికే డబ్బు ఉండాలి. 7న మీరు 5,450 బదులు 4,860 కట్టడంతో లోటు మొదలైంది. దీని మీద వాదన పెట్టుకుంటే నెలలు గడుస్తాయి, డీపీడీ పెరుగుతుంది. ఒక్క మినహాయింపు ఉంది: రిటర్న్ కారణం బ్యాలెన్స్ లేకపోవడం కాక, ఆటో డెబిట్‌కు మీరిచ్చిన మాండేట్‌లో సమస్యో, సాంకేతిక కారణమో అయితే ఆ ఛార్జీని ప్రశ్నించవచ్చు. కారణం ఏమిటో మీ బ్యాంకు చెబుతుంది.

అక్టోబర్ 590 సంగతి వేరు. 3వ తేదీన 590 బాకీ ఉండగానే మీ 4,860ను కంపెనీ అడ్వాన్స్‌లో పక్కన పెట్టింది, ఆ 590 మీద లేట్ ఛార్జీ వేస్తూనే ఉంది. సొంత యాప్‌లో ఆ నెల ఈఎంఐ తీసుకుని, రెండు రోజులకే అదే ఈఎంఐ కోసం మళ్లీ డెబిట్ పంపింది. చేతిలో డబ్బు పెట్టుకుని బౌన్స్ ఛార్జీ వేయడం ఇది. మీ వాదనలో బలం ఇక్కడ ఉంది, ఉత్తరంలో ఇదే ముందు రాయండి.

మెయిల్ చిన్నగా ఉండాలి. జరిగిన కష్టమంతా రాస్తే చదివేవాళ్లకు చేయాల్సిన పని కనపడదు. ఇలా రాస్తే చాలు:

> విషయం: లోన్ నంబర్ ______, 3 అక్టోబర్ నాటి రూ. 4,860 రసీదు సర్దుబాటు చేయకపోవడం గురించి
>
> 3 అక్టోబర్‌న మీ యాప్ ద్వారా రూ. 4,860 చెల్లించాను. రసీదు నంబర్ ______, యూపీఐ నంబర్ ______. ఈ మొత్తం మీ స్టేట్‌మెంట్లో అడ్వాన్స్ పద్దులో ఉంది, బాకీకి జమ కాలేదు. దయచేసి:
> 1. ఈ మొత్తాన్ని 3 అక్టోబర్ వాల్యూ డేట్‌తో బాకీలకు సర్దుబాటు చేయండి.
> 2. డబ్బు మీ వద్ద ఉండగా పంపిన 5 అక్టోబర్ డెబిట్‌పై వేసిన రూ. 590 బౌన్స్ ఛార్జీ రద్దు చేయండి.
> 3. లేట్ ఛార్జీలను దాని ప్రకారం తిరిగి లెక్కించండి. నా లెక్క ప్రకారం రూ. 44. మీ లెక్క వేరైతే రోజువారీ వివరం ఇవ్వండి.
> 4. అక్టోబర్, నవంబర్ డీపీడీ సరిచేసి అన్ని క్రెడిట్ బ్యూరోలకు పంపండి.
> 5. సరిచేసిన స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ ఇవ్వండి.

దీనికి బ్యాంకు స్టేట్‌మెంట్లో సంబంధిత పేజీలు, ఆ లైన్ల మీద గుర్తు పెట్టి జతచేయండి. జీతం, ఇతర ఖర్చుల లైన్లు నల్లగా కప్పేయవచ్చు, కానీ పేజీ నంబరు, అకౌంట్ నంబరు చివరి అంకెలు, పేమెంట్ తర్వాతి పది రోజులు కనిపించాలి. పై పట్టికను మీ అసలు అంకెలతో నింపి అదీ పెట్టండి. పీడీఎఫ్‌ను నమ్మం అంటే బ్యాంకు బ్రాంచిలో సంతకం, సీలుతో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం ఇచ్చే ధ్రువీకరణతో తీసుకుంటే అది కోర్టులో కూడా చెల్లుతుంది.

మెయిల్ పంపిన రోజే 634 కట్టేయండి. అడ్వాన్స్ ఆప్షన్ నొక్కకండి, ఓవర్‌డ్యూ కింద మొత్తం మార్చి కట్టే వీలుంటే అలా కట్టండి, లేకపోతే బ్రాంచిలో కట్టి రసీదు తీసుకోండి. ఇది కట్టడం వల్ల మిగతా బాకీ ఒప్పుకున్నట్టు కాదని మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి. దీనితో మీ వైపు లోటు ఆగిపోతుంది, మిగిలినదంతా వాళ్ల పుస్తకాల సమస్యగా విడిపోతుంది.

ఒక పని మాత్రం చేయకండి. అక్టోబర్ 3 పేమెంట్ మీద బ్యాంకులోనో యూపీఐ యాప్‌లోనో డిస్ప్యూట్ పెట్టకండి. డబ్బు కంపెనీకి చేరింది, కాబట్టి బ్యాంకు "లావాదేవీ విజయవంతం" అని మూసేస్తుంది, రోజులు వృథా. పొరపాటున డబ్బు వెనక్కి వస్తే అప్పుడు అక్టోబర్ ఈఎంఐ నిజంగానే కట్టనట్టు అవుతుంది. బ్యాంకు పని ఇక్కడ రుజువు ఇవ్వడం వరకే. కానీ మీ పట్టికలో ఆగస్టు 7 పేమెంట్ కంపెనీ స్టేట్‌మెంట్లో అసలు లేదని తేలితే దారి వేరు. అప్పుడు ఆ పేమెంట్ రసీదు దగ్గరే భారత్ కనెక్ట్ ఫిర్యాదు ఆప్షన్ ఉంటుంది, అక్కడి నుంచే నమోదు చేయాలి.

కంపెనీ కస్టమర్ కేర్ ఇచ్చే టికెట్ నంబరు భద్రపరచుకోండి. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే అదే మెయిల్‌ను గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్‌కు పంపండి. ఆ అధికారి పేరు, ఫోను ప్రతి ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో, వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. మొదటి ఫిర్యాదు నుంచి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. జవాబు రాకుండా 30 రోజులు పూర్తి కాకముందే, లేదా కంపెనీకి రాయకుండానే నేరుగా వెళితే తిరస్కరిస్తారు. అందుకే మొదటి మెయిల్ తేదీ ముఖ్యం, ఫోన్ కాల్ లెక్కలోకి రాదు. అంబుడ్స్‌మన్‌కు కూడా పైన చెప్పిన పట్టికే పంపండి. ఆరు లైన్లలో విషయం అర్థమయ్యే ఫిర్యాదు త్వరగా కదులుతుంది.

కలెక్షన్ అతనికి టికెట్ నంబరు, 634 రసీదు వాట్సాప్‌లో పంపి, "అక్టోబర్ 3 రసీదు మీ అడ్వాన్స్ పద్దులో ఉంది, సర్దుబాటు కోరాను" అని ఒక్క వాక్యం రాయండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. చేస్తే కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ ఫిర్యాదుకు కలపండి. అతని చేతికి నగదు ఇవ్వాల్సి వస్తే అక్కడికక్కడే కంపెనీ రసీదు లేకుండా ఇవ్వకండి.

క్రెడిట్ రిపోర్టు పని చివర్లో పెట్టుకోండి. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగింటిలో ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. బ్యూరో తనంతట తాను అంకె మార్చదు, కంపెనీని అడిగి అది చెప్పినట్టు చేస్తుంది. కంపెనీ పుస్తకం సరికాకముందే డిస్ప్యూట్ పెడితే "కంపెనీ ఇదే సరైనదని ధ్రువీకరించింది" అనే జవాబు వస్తుంది. 2025 జనవరి నుంచి కంపెనీలు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు సమాచారం పంపాలి, కాబట్టి సరిచేసిన స్టేట్‌మెంట్ చేతికొచ్చాక నెల రోజులు చూసి రిపోర్టు తీయండి. అప్పటికీ అక్టోబర్ గడిలో 56 ఉంటే ఆ స్టేట్‌మెంట్ జతచేసి డిస్ప్యూట్ పెట్టండి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

సరిచేసిన స్టేట్‌మెంట్ రాగానే నాలుగు చోట్ల చూడండి. అడ్వాన్స్ పద్దులో సున్నా ఉండాలి. 4,860 సర్దుబాటు లైన్లో వాల్యూ డేట్ అక్టోబర్ 3 ఉండాలి, ఎంట్రీ వేసిన తేదీ వేరే ఉన్నా ఫర్వాలేదు. అక్టోబర్ బౌన్స్ ఛార్జీకి ఎదురుగా 590 రివర్సల్ ఉండాలి, జీఎస్టీ 90 వదిలేసి 500 మాత్రమే వెనక్కి వేయడం తరచూ జరుగుతుంది. చివరి ఓవర్‌డ్యూ సున్నా ఉండాలి. ఆ 90 రూపాయలే మిగిలినా డిసెంబర్ 5 ఆటో డెబిట్ వాటిని తీసుకోదు, అది కేవలం 4,860 కే వస్తుంది. లోటు మళ్లీ నెలనెలా నడుస్తుంది. లోన్ పూర్తయ్యాక ఆర్సీ మీద కంపెనీ పేరు తీయించడానికి కావాల్సిన ఎన్ఓసీ, ఫారం 35 కూడా ఆ చిన్న బాకీ దగ్గరే ఆగిపోతాయి.